వలయంలో లేని గోడ: బెంజీన్ లెక్క దగ్గర ఆగిపోయిన ఒక విద్యార్థిని కేసు

నేపథ్యం

కావలిలో ఆదివారాలు ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకు చదివే పిల్లలకు భౌతిక రసాయన శాస్త్రం చెబుతుంటాను. కందుకూరు నుంచి, వింజమూరు, ఉదయగిరి వైపు నుంచి బస్సుల్లో వస్తారు. ఈ కేసులోని అమ్మాయి అలా వచ్చిన వాళ్లలో ఒకతె. పేరు, ఊరు, కాలేజీ రాయడం లేదు. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు రెండు మూడు మార్చాను. లెక్కలను మాత్రం ముట్టుకోలేదు.

ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, డిగ్రీలో గణితం, భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం తీసుకుంది. అవకలనం, సమాకలనం చేతికి బాగా అలవాటు. పెట్టెలో కణం లెక్కను, అంటే రెండు గోడల మధ్యే కదలగలిగే కణానికి శక్తి స్థాయిలు కట్టే లెక్కను, నిద్రలో లేపి అడిగినా తప్పు లేకుండా చేస్తుంది. ఇబ్బంది అంతా అక్కడి నుంచే వచ్చిందని నాకు మూడు వారాలు పోయాక గాని తెలియలేదు.

సమస్య ఎలా బయటపడింది

ఇచ్చిన లెక్క చిన్నదే. బెంజీన్ అణువులో ఆరు π ఎలక్ట్రాన్లు కర్బన వలయమంతా తిరుగుతాయనుకుందాం. వలయం వ్యాసార్ధం 1.39 ఆంగ్‌స్ట్రాములు. బెంజీన్ ఏ తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని పీల్చుకుంటుందో అంచనా వేయాలి.

ఆమె జవాబు 359 నానోమీటర్లు. పేజీ చూస్తే ఒక్క కొట్టివేత లేదు. వలయం చుట్టుకొలత 2πr, అంటే 8.73 ఆంగ్‌స్ట్రాములు. దాన్ని పెట్టె పొడవుగా తీసుకుంది. పెట్టె సూత్రం ప్రకారం శక్తి స్థాయిలు n = 1, 2, 3 అని వరసగా పేర్చి, ఒక్కో స్థాయిలో ఇద్దరేసి చొప్పున ఆరుగురిని కూర్చోబెట్టి, మూడు నుంచి నాలుగుకు ఎక్కడానికి ఎంత శక్తి కావాలో లెక్క కట్టింది. 3.45 ఎలక్ట్రాన్ వోల్టులు వచ్చింది.

నిజానికి బెంజీన్ 184, 204, 256 నానోమీటర్ల దగ్గర పీల్చుకుంటుంది. మూడూ అతినీలలోహితంలోనే, 359కి చాలా దూరంలో ఉన్నాయి. అయినా నన్ను ఆపింది ఆ అంకె కాదు. పక్కనే మార్జిన్‌లో ఆమె రాసుకున్న వాక్యం: "వలయంలో కోణీయ ద్రవ్యవేగం ħ గుణకాలుగా ఉంటుంది, ఎందుకంటే బోర్ అలా చెప్పాడు." ఎడమ చేతి వైపు బోర్, కుడి చేతి వైపు పెట్టె. రెండింటికీ మధ్య వలయం ఎక్కడా లేదు.

పేజీ మీద ఎర్ర గీత పెట్టి సరైన సూత్రం రాసిచ్చేయవచ్చు, అరనిమిషం పని. అలా చేయకూడదనుకున్నాను. సూత్రం ఇస్తే ఈ లెక్క సరిపోతుంది. ఆమె బుర్రలోని పెట్టె మాత్రం అలాగే ఉంటుంది.

మొదటి ప్రయత్నం: బీజగణితం

నల్లబల్ల మీద మామూలు దారిలో వెళ్లాను. వలయం మీద కణానికి దూరం మారదు, మారేది కోణం φ ఒక్కటే. స్థితిశక్తి అంతటా సున్నా. ష్రోడింగర్ సమీకరణం ఇలా మిగులుతుంది:

−(ħ²/2mₑr²) d²ψ/dφ² = Eψ

దీని పరిష్కారం e^(imφ). ఒక చుట్టు తిరిగి వచ్చినా ఉన్నది అదే బిందువు కాబట్టి ψ(φ + 2π) = ψ(φ) కావాలి. అంటే e^(i2πm) = 1. అది జరగాలంటే m పూర్ణాంకం కావాలి: 0, ±1, ±2 అలా. కోణీయ ద్రవ్యవేగపు ఆపరేటర్ −iħ d/dφ ని ఈ ప్రమేయం మీద ప్రయోగిస్తే mħ బయటికి వస్తుంది. శక్తి m²ħ²/2mₑr².

ఆమె అన్నీ రాసుకుంది, అర్థమైందంది. మరుసటి ఆదివారం అదే లెక్కను అంకెలు మార్చి ఇచ్చాను. ఈసారి e^(imφ) తోనే మొదలుపెట్టింది. అయితే సగం దారిలో "సరిహద్దు నిబంధన" అని రాసి, ψ(0) = ψ(2π) = 0 అని పెట్టి, సైన్ మాత్రమే ఉంచి మళ్లీ పెట్టెలోకి వెళ్లిపోయింది.

ఆ "= 0" ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. "సరిహద్దు దగ్గర ప్రమేయం సున్నా కావాలి కదా మేడమ్" అంది. ఆమె దృష్టిలో φ = 0 ఒక అంచు, φ = 2π ఇంకో అంచు. నేను చెప్పిన చుట్టు నిబంధనను ఆమె మరో అంచు నిబంధనగానే తీసుకుంది. బల్ల మీద నేను రాసిన సమీకరణాల్లో ఆ అపార్థాన్ని అడ్డుకునేది ఏదీ లేదు.

రెండో ప్రయత్నం: చుట్టుకొలతలో నిండు తరంగాలు

బొమ్మతో చెబుదామని డిబ్రోలీ దారి పట్టాను. వలయం చుట్టూ తరంగం గీయండి, చుట్టుకొలతలో నిండు తరంగాలు పట్టాలి, అంటే 2πr = mλ. ద్రవ్యవేగం h/λ కాబట్టి కోణీయ ద్రవ్యవేగం mħ అవుతుంది. బోర్ 1913లో ఊహగా పెట్టుకున్న నియమానికి 1924లో డిబ్రోలీ ఇచ్చిన ఈ చిత్రం అందంగా ఉంటుంది. అమ్మాయి ముఖం వెలిగింది. వెంటనే కూర్చుని బెంజీన్ లెక్క మళ్లీ చేసింది.

ఈసారి పెట్టె పోయింది. కొత్త తప్పు వచ్చింది. m = 1 నుంచి మొదలుపెట్టింది. తరంగం పట్టాలంటే కనీసం ఒక్కటైనా ఉండాలి కదా, సున్నా తరంగాలకు అర్థమేమిటి అన్నది ఆమె తర్కం. ఆ చిత్రంలో నుంచి చూస్తే తర్కంలో లోపం లేదు. m = 0 అయితే λ అనంతం. బోర్ కూడా ఒకటి నుంచే మొదలుపెట్టాడు.

కానీ ఫలితం చూడండి. +1, −1 అని ఒకే శక్తి గల రెండు స్థితులు, వాటిలో నాలుగు ఎలక్ట్రాన్లు. మిగిలిన రెండు ±2 జంటలోకి వెళతాయి. అక్కడ నలుగురికి చోటుంటే ఇద్దరే ఉంటారు, హుండ్ నియమం ప్రకారం ఒక్కో దానిలో ఒకరు చొప్పున. అంటే బెంజీన్‌లో రెండు జతపడని ఎలక్ట్రాన్లు ఉండాలి. అయస్కాంతం దానిని లాగాలి, గాలి తగిలితే చాలు రసాయన చర్య మొదలుకావాలి. సీసాలో ఏళ్ల తరబడి కదలకుండా ఉండే బెంజీన్‌కు ఆ లక్షణాలేవీ లేవు. ఈ వైరుధ్యాన్ని ఆమే పట్టుకుంది. "మేడమ్, ఇది తప్పు, కానీ ఎక్కడ తప్పో దొరకడం లేదు" అంది. ఈ కేసులో నాకు మొదటిసారి ఊరట కలిగింది అప్పుడే. జవాబును అణువుతో పోల్చి చూసే అలవాటు ఆమెలో ఉంది. లోపం చిత్రంలో ఉంది, ఆ చిత్రం ఇచ్చింది నేను.

ఏది పనిచేసింది

మూడో వారం గ్రాఫు కాగితం నుంచి సెంటీమీటరు వెడల్పు, 24 సెంటీమీటర్ల పొడవు ఉన్న పట్టీలు కత్తిరించి తీసుకెళ్లాను. ఒక గమ్ముసీసా, పెన్సిలు. పట్టీ నిడివి మధ్యగా సున్నా గీత గీసి, దాని మీద ఆమె మొదటి జవాబులోని n = 1 ప్రమేయాన్ని గీయమన్నాను. ఎడమ చివర సున్నాలో మొదలై, మధ్యలో ఎత్తుకు లేచి, కుడి చివర సున్నాకు దిగే ఒకే ఒక మూపు. గీసింది. ఇప్పుడు రెండు చివరలూ కలిపి గమ్ము పెట్టమన్నాను.

కాగితం గాజులాగా గుండ్రంగా అయ్యింది. అతుకు దగ్గర చూడమన్నాను. రెండు వైపుల నుంచీ గీత సున్నాకే వస్తోంది, కాబట్టి విలువ కలిసింది. కానీ ఎడమ నుంచి వచ్చే గీత కిందికి దిగుతూ వస్తోంది, అతుకు దాటిన వెంటనే పైకి ఎక్కుతోంది. అక్కడ పదునైన కొన ఉంది, గుడారం తాడు కట్టిన చోట గుడ్డ ముడుచుకున్నట్టు. ఆమె వేలితో ఆ కొన మీద రాసి చూసింది.

"ఇక్కడ వాలు తెగిపోయింది" అంది.

నేను ఇన్ని వారాలుగా చెప్పకుండా వదిలేసిన మాట అదే. ψ(0) = ψ(2π) అని ఒక్క విలువకే నిబంధన పెడితే సైన్ φ/2 కూడా దర్జాగా నెగ్గుతుంది, దాని విలువ రెండు చోట్లా సున్నాయే. వాలు మాత్రం ఒక చోట +1/2, ఇంకో చోట −1/2. విలువా వాలూ రెండూ కలవాలి. పాఠాల్లో మనం విలువనే రాసి ముందుకు వెళ్లిపోతాం. e^(imφ)కు విలువ కలిస్తే వాలు దానంతటదే కలుస్తుంది కాబట్టి ఆ లోపం ఎవరికీ కనిపించదు. సైన్ దగ్గరకు వచ్చేసరికి బయటపడుతుంది.

వాలు తెగితే నష్టమేమిటని అడిగాను. ఆమె గణితం బలం ఇక్కడ ఆదుకుంది. వాలు ఒక్కసారిగా మారితే రెండో అవకలజం ఆ బిందువు దగ్గర అనంతం. సమీకరణంలో రెండో అవకలజం అంటే గతిశక్తి పదం. దాన్ని సరిపెట్టడానికి ఆ ఒక్క బిందువు దగ్గర అనంతమైన స్థితిశక్తి ఉండాలి. పెట్టెకు గోడ అంటే సరిగ్గా అదే, అందుకే అక్కడ కొన ఉన్నా చెల్లుతుంది.

"మరి ఈ గాజులో గోడ ఎక్కడుంది?" అన్నాను.

పట్టీని తిప్పి తిప్పి చూసింది. అతుకు వేసిన చోటు తప్ప ఇంకేమీ లేదు. ఆ అతుకు మేము గమ్ము పెట్టిన చోటు మాత్రమే. కోణాన్ని అక్కడి నుంచి కొలవడం మొదలుపెట్టాం గనుక దానికి సున్నా అని పేరొచ్చింది. బెంజీన్‌లో ఆరు కర్బనాలూ సమానమే. ఎక్కడి నుంచి కొలిచినా లెక్క ఒకటే రావాలి. ఆమె వేసిన పెట్టె ఆ ఆరింటి మధ్య ఏదో ఒకచోట, అణువులో లేని గోడ కట్టింది.

ఆ తర్వాత పట్టీలు చకచకా సాగాయి. ఒకటిన్నర తరంగం గీసి అతికించింది, మళ్లీ కొన. ఒక నిండు తరంగం, నునుపుగా కలిసింది. రెండు, అది కూడా కలిసింది. సగం తరంగాలతో వచ్చేవన్నీ విరిగాయి, నిండువన్నీ నిలిచాయి. అప్పుడు ఏమీ గీయని పట్టీ ఒకటి తీసుకుని, సున్నా గీతకు పైన రెండు గళ్ల ఎత్తులో ఒక చదునైన గీత గీసి అతికించింది. ఎక్కడా అతుకు కనిపించలేదు.

"ఇదే m = 0నా మేడమ్?"

అదే. పెట్టెలో చదును ప్రమేయం గోడల దగ్గర సున్నా కాలేదు కాబట్టి కుదరదు, అందుకే పెట్టెలో కనిష్ఠ శక్తి సున్నా కంటే ఎక్కువ. వలయంలో ఆపేదేమీ లేదు. శక్తి సున్నా, కోణీయ ద్రవ్యవేగం కచ్చితంగా సున్నా. అనిశ్చితత్వ నియమం చెడిపోతుందేమో అని ఆమె సందేహపడింది. చెడదు. ఎలక్ట్రాన్ వలయంలో ఎక్కడ ఉందో బొత్తిగా తెలియదు, అన్ని కోణాలకూ సమాన అవకాశం. ద్రవ్యవేగం అంత నిక్కచ్చిగా తెలిసినందుకు ఇచ్చే వెల అది.

బెంజీన్ లెక్క, మళ్లీ మొదటి నుంచి

ħ²/2mₑ విలువ 3.81 ఎలక్ట్రాన్ వోల్టు చదరపు ఆంగ్‌స్ట్రాములు. దాన్ని 1.39 వర్గంతో భాగిస్తే 1.97 ఎలక్ట్రాన్ వోల్టులు. దీన్ని ఒక మెట్టు అందాం. స్థాయిలు 0, 1, 4, 9 మెట్ల ఎత్తులో ఉంటాయి. సున్నా ఒంటరి, మిగిలినవన్నీ కుడి చుట్టు, ఎడమ చుట్టు అని జంటలు. ఇద్దరు m = 0లో, నలుగురు ±1లో. ఆరుగురూ సరిపోయారు, ఎక్కడా సగం ఖాళీ లేదు. కుడికి తిరిగేవాళ్లు, ఎడమకు తిరిగేవాళ్లు సమానం కాబట్టి మొత్తం కోణీయ ద్రవ్యవేగం సున్నా. వలయం స్థిరంగా ఉండాలంటే 4n + 2 ఎలక్ట్రాన్లు కావాలని 1931లో హ్యూకెల్ లెక్కల నుంచి వచ్చిన నియమానికి మూలం ఈ అమరికలోనే కనిపిస్తుంది: ఒంటరి స్థాయికి రెండు, ఆపైన ప్రతి జంటకు నాలుగు. పెట్టెలో జంటలే లేవు గనుక ఏ సరి సంఖ్య వేసినా నిండిపోతుంది. ఆరింటికీ నాలుగింటికీ తేడా పెట్టెకు తెలియదు.

పై మెట్టుకు ఎక్కడానికి 4 − 1 = 3 మెట్లు, 5.92 ఎలక్ట్రాన్ వోల్టులు, 210 నానోమీటర్లు. కొలిచిన మూడు తరంగదైర్ఘ్యాల మధ్యలో పడింది. అణువు ఆకారం తప్ప ఇంకేమీ ఇవ్వని లెక్కకు ఇది చాలా గౌరవప్రదమైన జవాబు.

ఆమె ఇక్కడ ఆగలేదు. లెక్క ఒక్క అంకె ఇస్తే అణువు మూడు ఎందుకు చూపిస్తోందని అడిగింది. ఆ ప్రశ్నకు ఒక పూట కేటాయించాను, అంత విలువ దానికి ఉంది. ±1 నుంచి ±2కు నాలుగు దారులున్నాయి. +1 నుంచి +2కు, −1 నుంచి −2కు వెళితే కోణీయ ద్రవ్యవేగం ఒక్క ħ మారుతుంది. +1 నుంచి −2కు, −1 నుంచి +2కు వెళితే తిరిగే దిశే మారాలి, మార్పు మూడు ħ. ఫోటాన్ ఒక్క ħ మాత్రమే తెచ్చి ఇవ్వగలదు. కాబట్టి మొదటి రకం బలంగా పీల్చుకుంటుంది, రెండో రకానికి అనుమతి లేదు. మన లెక్కలో నాలుగు దారులకూ ఒకే శక్తి, ఎందుకంటే ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయన్న సంగతిని పక్కన పెట్టాం. దాన్ని లెక్కలోకి తెస్తే ఇవి విడిపోతాయి. ఒక్క ħ మార్పు గలవి పైకి జరిగి 184 దగ్గరి బలమైన శోషణ అవుతాయి. మూడు ħ మార్పు గల జంట మళ్లీ రెండుగా చీలి 204, 256 దగ్గర బలహీనంగా కనిపిస్తుంది. +3కు −3కు తేడా ఆరు. బెంజీన్ నిజంగా నునుపైన వలయం కాదు, ఆరు కర్బనాల షడ్భుజి. ఆ ఆరు మూలలే ఈ జంటను కలిపి చీలుస్తాయి. అనుమతి లేని 256 కొద్దిగానైనా కనిపించడానికి కారణం అణువు కంపించేటప్పుడు ఆ సౌష్ఠవం కాస్త చెదరడం. వలయాకారపు అణువుల వర్ణపటాలను ఈ దారిలో క్రమంగా వర్గీకరించినది ప్లాట్, 1949లో.

నేర్చుకున్నది, మార్చుకున్నది

మొదటి రెండు ప్రయత్నాలు ఎందుకు విఫలమయ్యాయో నాకు ఇప్పుడు స్పష్టంగా ఉంది. బీజగణితంలో "అదే బిందువుకు తిరిగి వచ్చాం" అన్న విషయం ఒక సమానత్వ గుర్తు వెనుక దాక్కుంది. పెట్టె బాగా వచ్చిన పిల్లలకు ఆ గుర్తు అంచులాగే కనిపిస్తుంది. డిబ్రోలీ చిత్రం పూర్ణాంకాలను సరిగ్గా ఇస్తుంది గాని సున్నాను మింగేస్తుంది. రసాయన శాస్త్రంలో ఆ సున్నా లేకపోతే బెంజీనే లేదు. ఇప్పుడు ఆ చిత్రాన్ని పూర్తిగా మానలేదు, చదును పట్టీ అతికించిన తర్వాత మాత్రమే చూపిస్తున్నాను. ఏ క్వాంటం లెక్క మొదలుపెట్టినా సూత్రానికి ముందు ఒకే ప్రశ్న అడుగుతున్నాను: గోడ ఎక్కడుంది, దాన్ని కట్టింది ఎవరు?

అర్థమైందో లేదో తెలుసుకోవడానికి బెంజీన్‌నే మళ్లీ అడగడం వృథా. నాలుగు ఎలక్ట్రాన్ల సైక్లోబ్యూటాడయీన్ ఇచ్చాను. ఇద్దరు సున్నాలో, ఇద్దరు ±1లో, జంట సగమే నిండింది, అణువు ఈ అమరికలో నిలవదు, ఏదో ఒక వైపు సాగాలి అని రాసింది. నిజంగానే అది చతురస్రంగా ఉండదు, దీర్ఘచతురస్రంగా సాగుతుంది. పెట్టె మనసులో ఉన్న మనిషి ఈ జవాబు రాయలేరు.

ఒక ప్రశ్నకు మాత్రం నేను వెంటనే జవాబు చెప్పలేదు. చివరి ఆదివారం అడిగింది. సైన్ φ/2కు కొన ఉంది, సరే. e^(iφ/2)కు కొన లేదు, ఒక చుట్టు తిరిగితే గుర్తు మాత్రం మైనస్ అవుతుంది. సంభావ్యత వర్గంతో వచ్చేది కాబట్టి మైనస్ మాసిపోతుంది కదా, మరి దాన్ని ఎందుకు కాదనాలి?

ముందు రెండింటినీ కలిపి చూడమన్నాను. m = 0, m = 1/2 సమపాళ్లలో కలిపితే సంభావ్యత 2 + 2cos(φ/2) చొప్పున మారుతుంది. కోణం సున్నా దగ్గర 4, ఒక చుట్టు తిరిగి అదే బిందువుకు వస్తే 0. ఒకే చోట ఎలక్ట్రాన్ ఉన్నట్టూ లేనట్టూ అయింది. కాబట్టి పూర్ణాంకాలూ అర్ధాంకాలూ ఒకే వలయంలో కలిసి బతకలేవు. అయితే పూర్తిగా అర్ధాంకాలే ఉన్న వలయం మాటేమిటని ఆమె పట్టు వదల్లేదు. ఆ కుటుంబంలో అంతర్గత వైరుధ్యం లేదు. మామూలు వలయంలో తరంగం ఒక చుట్టులో గుర్తు మార్చుకోవడానికి కారణమేదీ లేదు గనుకే అది రాదు. కారణం కల్పిస్తే వస్తుంది.

మిగిలిన పట్టీ ఒకటి చేతికిచ్చి, అతికించే ముందు ఒక చివరను అరచుట్టు మెలిపెట్టమన్నాను. మెలిపెట్టి అతికించింది. పెన్సిలు ఎత్తకుండా గీత గీసుకుంటూ పోతే ఒక చుట్టు తర్వాత పట్టీ అవతలి ముఖం మీదికి చేరింది. ఇక్కడ సగం తరంగం కలుస్తుందని ఆమెకు నేను చెప్పనవసరం లేకపోయింది. పుస్తకంలో స్థాయిలు రాసుకుంది: ±1/2, ±3/2, ±5/2. ఒంటరి సున్నా లేదు, మొదటి నుంచీ అన్నీ జంటలే. ఎలక్ట్రాన్లను లెక్కపెట్టి, "అయితే ఇక్కడ నాలుగు నిలుస్తాయి, ఆరు నిలవవు" అంది. మెలిపడిన వలయాలకు 4n నియమాన్ని హైల్‌బ్రోనర్ 1964లో ప్రతిపాదించాడని చెప్పాను. ఆ పట్టీని నోటుపుస్తకంలో పెట్టుకుని, ఉదయగిరి బస్సు వేళైందని లేచింది.